ధ్రువతార పేరు పెట్టిన రోజున ఓడ యజమాని మాటలు

అందరికీ నమస్కారం. గ్లాసులు చేతికిచ్చి నిలబెట్టేశాం కాబట్టి త్వరగా ముగిస్తాను.

ముందు పేరు పెట్టేటప్పుడు ఓడకి కొట్టిన సీసా సంగతి. మొదటి దెబ్బకి పగల్లేదు, మేడమ్ గారు రెండోసారి గట్టిగా వదిలితే పగిలింది. అపశకునమని గుసగుసలు వినపడ్డాయి. నాకైతే సీసా కంటే స్టీలు మీద నమ్మకం పెరిగింది.

యార్డు వాళ్ళకి ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. ఓడ అడుగున రెండు పొరల మధ్య ట్యాంకులుండే డబుల్ బాటమ్‌లో ఒక అతుకు ఎక్స్‌రేలో ఫెయిలైంది, లోపల నువ్వుగింజంత బుడగ. ఫోర్‌మన్ గారు ఆ వెల్డింగంతా తొలిచేయించి మళ్ళీ వేయించారు, రెండు రోజులు పోయాయి, ఇంత దానికి ఇంత హడావుడా అని నేను విసుక్కున్నాను కూడా. ఆ తర్వాత మ్యాన్‌హోల్లోంచి ఆ ట్యాంకులోకి దిగి చూశాను. పది నిమిషాలకే ఊపిరాడక పైకొచ్చేశాను, ఒక వెల్డర్ మాత్రం పక్కకి ఒరిగి పడుకుని, మోచేతి మీద ఆనుకుని, ఆ సందులోనే పని చేసుకుంటున్నాడు. రేపట్నుంచి ఆ అతుకు ఎవరికీ కనపడదు, దాని మీద ఓడ నిలకడ కోసం నింపే బ్యాలస్ట్ నీళ్ళుంటాయి. అక్కడ చూపిన శ్రద్ధకి థాంక్స్ అన్న మాట సరిపోదు, అయినా చెబుతున్నాను.

సీ ట్రయల్స్ రోజు ఫుల్ స్పీడులో ఉండగా ఇంజన్ని ఒక్కసారిగా వెనక్కి తిప్పినప్పుడు ఓడంతా వణికింది, నా గుండె కూడా. 180 మీటర్ల ఓడ ఆగేసరికి రెండు కిలోమీటర్ల దాకా పోయింది. చీఫ్ ఇంజనీర్ గారు మాత్రం టీ తాగుతూనే ఉన్నారు!

ఇక ఎక్కబోయే 22 మందికి. ఓడ పక్కన గుండ్రం మధ్యలో అడ్డగీత చూశారు కదా, అది దాటి సరుకు నింపకూడదని చెప్పే గుర్తు. 1876లో బ్రిటన్ ఆ గుర్తుని చట్టంలో పెట్టాల్సి వచ్చింది, ఎందుకంటే నాలాంటి ఓనర్లే దురాశతో ఓడలు మునిగేదాకా నింపేవాళ్ళు. అందుకే ఈ మాట అందరి ముందూ చెబుతున్నాను. కెప్టెన్ గారూ, వాతావరణం బాగాలేకపోతే స్పీడు తగ్గించండి, దారి మార్చండి, అవసరమైతే రేవులోనే ఆగిపోండి. ప్రాణాల విషయంలో ఆఖరి మాట మీదేనని అంతర్జాతీయ రూల్సే చెబుతున్నాయి. లేటయిందని ఆఫీసు నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే నా పేరు చెప్పి పెట్టేయండి. ఆ ఫోన్ చేసింది నేనే అయినా సరే, పెట్టేయండి.

గ్లాసులెత్తండి! ధ్రువతారకి, దాన్ని కట్టిన చేతులకి, నడిపే మీ అందరికీ. క్షేమంగా వెళ్ళి లాభంగా రమ్మంటారు పెద్దలు. లాభం సంగతి నేను చూసుకుంటాను, మీరు క్షేమంగా రండి.