సంధ్య గారి రీడింగ్: సలహా స్థానంలో హ్యాంగ్డ్ మ్యాన్

సంధ్య గారూ, నమస్తే.

నిన్న రాత్రి మీ టారో కార్డుల ఫోటో పంపగానే "ఆ తలకిందుల మనిషి ఏంటండీ, బ్యాడ్ కార్డా?" అని మెసేజ్ పెట్టారు. కాదండీ. మీ రీడింగ్ మొత్తానికీ అదే కీలకమైన కార్డు. అందుకే ఫోన్‌లో హడావిడిగా చెప్పకుండా తీరిగ్గా రాస్తున్నాను. మీరూ ఆఫీసు మధ్యలో కాకుండా ఇంటికి వెళ్ళాక చదవండి.

మీరు ప్రేమిస్తున్న అబ్బాయితో పెళ్ళి గురించి అడిగిన ప్రశ్న మీ మాటల్లోనే: "అతను అవునూ అనడు, కాదూ అనడు. టైం ఇవ్వు అంటాడు. నేను వెయిట్ చేయాలా, వదిలేయాలా?" దీనికి ఆరు కార్డుల స్ప్రెడ్ వేశాను. మీరు, అతను, మీ ఇద్దరి మధ్య బంధం, అడ్డంకి, సలహా, దగ్గరలో రాబోయేది. నేను వాడిన కార్డుల కట్ట, అంటే డెక్, రైడర్ వెయిట్ స్మిత్, 1909లో లండన్‌లో వచ్చింది. బొమ్మలు గీసింది పమేలా కోల్‌మన్ స్మిత్. బొమ్మలోని చిన్న చిన్న వివరాలు కూడా మాట్లాడే డెక్ ఇది, అందుకే ఫోటో పక్కన పెట్టుకుని చదవమంటున్నాను.

మీ స్థానంలో నైన్ ఆఫ్ స్వోర్డ్స్ వచ్చింది. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషి, వెనక గోడకి తొమ్మిది కత్తులు. దీని గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. అతని లాస్ట్ సీన్ చూస్తూ ఎన్ని గంటలకి నిద్రపోతున్నారో మీకే తెలుసు. ఒక్కటి గమనించండి, ఆ కత్తులన్నీ గోడకే ఉన్నాయి, ఒక్కటీ ఆవిడకి తగల్లేదు. కప్పుకున్న దుప్పటి మీద గులాబీలున్నాయి. జరిగినదాని కంటే జరుగుతుందేమోనన్న భయమే మిమ్మల్ని ఎక్కువ తినేస్తోంది.

అతని స్థానంలో టూ ఆఫ్ స్వోర్డ్స్. కళ్ళకు గంతలు, ఛాతీ మీద అడ్డంగా పట్టుకున్న రెండు కత్తులు, వెనక సముద్రం. ఎటూ తేల్చుకోలేని మనిషికి ఇంతకంటే సరైన కార్డు డెక్‌లోనే లేదు. ఇక్కడ కొంచెం నిర్మొహమాటంగా చెప్పాలి. ఆ గంతలు ఎవరో కట్టినట్టు కార్డులో ఎక్కడా లేదు. చూడటం ఇష్టం లేక తనే కట్టుకున్నాడన్నట్టే నేను చదువుతాను. అతనికి మీ మీద ప్రేమ లేదని ఈ కార్డు చెప్పడం లేదు. నిర్ణయం తీసుకోనంతవరకు ఎవరినీ బాధపెట్టినట్టు కాదని అనుకుంటున్నాడు. మీరు బాధపడుతున్నారన్నది ఆ లెక్కలోకి రావట్లేదు.

బంధం దగ్గర సిక్స్ ఆఫ్ కప్స్. ఒక పిల్లవాడు పువ్వులున్న కప్పు చిన్న పాపకి ఇస్తున్నాడు. విజయవాడలో కాలేజీ రోజుల నుంచి స్నేహం అన్నారు కదా, అదే ఇది. గట్టి పునాది, సందేహం లేదు. కాకపోతే ఈ కార్డు ఎప్పుడూ వెనక్కి చూస్తూ ఉంటుంది. మీ ఇద్దరి కబుర్లలో పాత విషయాలు ఎన్ని, రాబోయే ఏడాది గురించి ఎన్ని? ఒకసారి గుర్తు చేసుకోండి.

అడ్డంకి టెన్ ఆఫ్ పెంటకిల్స్. ఇల్లు, ఆస్తి, వంశం, పెద్దవాళ్ళు. బొమ్మలో తోరణం దగ్గర ఒక జంట నిలబడి మాట్లాడుకుంటుంటే, ముందువైపు ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, పక్కనే రెండు కుక్కలు. ఆయన్ని చూడకుండా ఆ జంట మీద కన్ను వేయలేం. తెనాలిలో ఉన్న అతని నాన్నగారికి బైపాస్ జరిగిందనీ, చెల్లెలి పెళ్ళి ఇంకా కాలేదనీ, కులాలు వేరనీ మీరు చెప్పారు. కార్డు చూశాక నాకు ఆశ్చర్యం వేయలేదు. పోటీగా మూడో మనిషి ఉన్నారా అని కూడా అడిగారు. నాకు ఈ ఆరింటిలో ఆ సూచన కనిపించలేదు. మీకు పోటీ ఏదైనా ఉందంటే అది వాళ్ళ ఇల్లే.

ఇక సలహా స్థానం. పన్నెండో నంబర్, హ్యాంగ్డ్ మ్యాన్, నిటారుగా వచ్చింది, అంటే బొమ్మలో మనిషి తలకిందులే కానీ కార్డు తిరగబడలేదు.

ఫోటోని కాస్త పెద్దది చేసి చూడండి. తాడు మెడకి లేదు, కుడి పాదానికి ఉంది. ఎడమ కాలికి ఏ కట్టూ లేదు, తాపీగా మడిచి పెట్టుకున్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వేలాడుతున్న కొయ్య ఎండిపోయింది కాదు, ఆకులు వేసి పచ్చగా ఉంది. తల చుట్టూ వెలుగు ఉంది. మొహంలో బాధ ఏమైనా కనిపిస్తోందా? ఇరుక్కుపోయినవాడి మొహం అలా ఉండదు. తనంతట తాను ఆగిన మనిషి మొహం అది.

ఈ కార్డుకి పాత కథ ఒకటుంది. "నన్ను మోసం చేస్తున్నాడా" అని కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. పాతకాలపు ఇటలీలో దీన్ని ద్రోహి కార్డు అని కూడా పిలిచేవారు. అక్కడి ఊళ్ళలో నమ్మకద్రోహం చేసినవాళ్ళ బొమ్మలు ఇలా తలకిందులుగా గోడల మీద వేయించి పరువు తీసేవారు. అందుకని కొందరు రీడర్లు ప్రేమ విషయంలో ఈ కార్డు రాగానే మోసం అనేస్తారు. నేను అలా చదవను, ఇక్కడైతే అసలే చదవను. ఇది వచ్చింది అతని స్థానంలో కాదు, సలహాలో. మోసం అనడానికి తోడుగా సెవెన్ ఆఫ్ స్వోర్డ్స్ లాంటిదో, మూన్ లాంటిదో రావాలి. అవేవీ లేవు.

స్థానం మారితే మాట కూడా మారిపోతుంది. ఇదే కార్డు అడ్డంకి దగ్గర పడి ఉంటే "మీరు ఆగడమే మీకు నష్టం, బయటికి వచ్చేయండి" అని చెప్పేదాన్ని. తిరగబడి వచ్చి ఉంటే, ఫలితం లేని త్యాగం అనేదాన్ని. మీకు సలహాగా, నిటారుగా వచ్చింది. కాబట్టి ఆగమంటోంది.

అయితే ఎలా ఆగాలన్నది అసలు విషయం. మీరు ఇప్పుడు చేస్తున్నదాన్ని ఆగడం అనరండీ. వారానికోసారి "ఇంట్లో చెప్పావా" అని అడగటం, అతను తప్పించుకోవడం, మీరు అలగడం, రెండు రోజులు మాటలు లేకపోవడం, మళ్ళీ మీరే మెసేజ్ పెట్టడం. ఇందులో మీరు ఒక్క క్షణమైనా ఆగింది లేదు. పైగా మీరు అడిగిన ప్రతిసారీ అతనికి ఒక వెసులుబాటు దొరుకుతోంది. మీతో గొడవ పడితే చాలు, వాళ్ళ నాన్నగారితో మాట్లాడే పని ఆ వారానికి వాయిదా పడుతుంది. బియ్యం పొయ్యి మీద పెట్టి నిమిషానికోసారి మూత తీస్తుంటే అన్నం ఎప్పటికి ఉడుకుతుంది?

కాబట్టి కార్డు చెప్పేది మొదట ఇది: అడగడం మానేయండి. అలక కాదు, మౌనవ్రతం కాదు, నంబర్ బ్లాక్ చేయడం అసలే కాదు. ఫోన్ చేస్తే మామూలుగా మాట్లాడండి. ఈ ఒక్క విషయం మాత్రం మీ నోటి నుంచి రాకూడదు.

రెండోది కొంచెం కష్టం. తలకిందులుగా ఉన్నవాడికి లోకం వేరేగా కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ "అతను నన్ను ఎంచుకుంటాడా" అన్న వైపు నుంచే చూశారు. అటు నుంచి చూడండి. పెళ్ళి విషయంలో ఇంట్లో ఒక్క మాట చెప్పడానికి ఇంత తటపటాయించే మనిషి, రేపు అత్తగారింట్లో మీకు మాట పడినప్పుడు ఏం చేస్తాడు? బహుశా బాగానే నిలబడతాడేమో. నాన్నగారి ఆరోగ్యం కుదుటపడితే అతనిలోని ధైర్యం మీకు కనబడవచ్చు. నేను తీర్పు చెప్పట్లేదు. ఆ ప్రశ్న మీరు ఇంకా వేసుకోలేదని మాత్రం నాకు అనిపించింది. అతను నిర్ణయించుకునేలోపు మీరు తేల్చుకోవలసింది అదే.

మూడోది గడువు. మన పెద్దలు ఆలస్యం అమృతం విషం అన్నారు, నిదానమే ప్రధానం అనీ అన్నారు. రెండూ నిజమే, ఏది ఎప్పుడన్నదే చిక్కు. హ్యాంగ్డ్ మ్యాన్ తర్వాత వచ్చే పదమూడో కార్డు డెత్. అంటే చావని కాదు, ఒక దశ ముగియడం. వేలాడటం శాశ్వతం కాదని డెక్ వరుసలోనే ఉంది. మీ విషయంలో నేను పెట్టే గడువు శ్రావణం. ఎలాగూ ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. సంబంధాల గురించి మీ అమ్మగారి ఒత్తిడి కూడా ఆ నెల కాస్త తగ్గుతుంది. మీకు ఊపిరి పీల్చుకునే టైం దొరికినట్టే. శ్రావణం మొదలయ్యాక కూడా అతను ఇదే మాట మీద ఉంటే, అది కూడా ఒక జవాబే అనుకోండి. ఆ పైన ఆగమని ఈ కార్డు పేరు చెప్పి నేను అనను.

చివరి కార్డు ఏస్ ఆఫ్ స్వోర్డ్స్. మబ్బులోంచి వచ్చిన చెయ్యి, పైకెత్తిన కత్తి, దాని కొనకి కిరీటం. స్పష్టమైన మాట ఒకటి వస్తుందని దీని అర్థం. ఆ మాట అవునా కాదా అన్నది కార్డు చెప్పదు. చెబుతుందని ఎవరైనా మీ దగ్గర డబ్బులు తీసుకుంటే నమ్మకండి. ఒకటి మాత్రం చూడండి, మొదట్లో మీ దగ్గర తొమ్మిది కత్తులు, అతని దగ్గర రెండు, ఇక్కడికి వచ్చేసరికి ఒక్కటే మిగిలింది. గందరగోళం తగ్గే వైపే వెళుతోంది.

అడగడం మానేసే ముందు అతనికి ఒక్క మెసేజ్ పెట్టండి, లేకపోతే మీ మౌనాన్ని కోపం అనుకుంటాడు. మీకు వీలుగా ఉంటుందని నేనే రాసి పెడుతున్నాను, మీ మాటల్లోకి మార్చుకోండి:

"మీ నాన్నగారి ఒంట్లో ఎలా ఉందో, ఇంట్లో టెన్షన్ ఎంతుందో నాకు తెలుసు. అందుకే ఇకనుంచి ఈ విషయం నేను అడగను. కోపంతో కాదు. శ్రావణం వచ్చేసరికి నీ మనసులో ఏముందో, ఇంట్లో ఏం చెప్పావో నువ్వే నాకు చెప్పు. ఏదైనా సరే, ఫ్రెండ్స్ ద్వారా కాకుండా నాకే నేరుగా చెప్పు. అప్పటిదాకా మనం మామూలుగానే మాట్లాడుకుందాం."

పంపేశాక టిక్‌లు నీలం అయ్యాయా లేదా అని చూస్తూ కూర్చోకండి. రాత్రి పడుకునేటప్పుడు ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్ పెట్టండి. ఆదివారాలు అతని ఫోన్ కోసం ఖాళీగా ఉంచుకోవడం మానేసి, మధ్యలో ఆపేశానన్న ఆ డేటా కోర్సు మళ్ళీ మొదలుపెట్టండి. మీ అమ్మగారు సంబంధం తెస్తే "శ్రావణం దాకా ఆగమ్మా" అని ఆవిడకీ అదే గడువు చెప్పండి. ఇద్దరికీ రెండు తేదీలు చెబితే మధ్యలో మీరే నలిగిపోతారు.

ఇంకో మాట. ఈలోపు ఇదే ప్రశ్న మీద మళ్ళీ కార్డులు తీయించకండి, నా దగ్గరైనా, ఇంకెవరి దగ్గరైనా. నచ్చిన జవాబు వచ్చేదాకా తీయిస్తూ పోతే అదీ మూత తీసి చూడటమే. శ్రావణంలో అతని మాట విన్నాక, అవునైనా కాదైనా, అప్పుడు కావాలంటే మీ గురించి మాత్రమే ఒక రీడింగ్ చేద్దాం. దానికి ముందుగా డబ్బులేం పంపకండి, ఒక్క మెసేజ్ పెడితే చాలు.