మడి పిలుపు: పిచ్ వీడియో స్క్రిప్ట్

ఆధారం: ఫైనలియర్ ఈసీఈ ప్రాజెక్టు రిపోర్టు, "జీఎస్ఎం ఆధారిత వరి పొలం నీటిమట్ట పర్యవేక్షణ వ్యవస్థ", 62 పేజీలు
నిడివి: 2 నిమిషాల 50 సెకన్లు. మూడు నిమిషాలు దాటితే పక్కన పెడతామని నియమాల్లోనే ఉంది.
చూసేవాళ్లు: ఒక ప్రొఫెసర్, ఒక వ్యవసాయ అధికారి, గ్రామీణ బ్యాంకు నుంచి ఒకరు
షూటింగ్: నర్సంపేట దగ్గర బోరు కింద వరి మడి, గాజు తొట్టి షాట్లు కాలేజీ ల్యాబులో

టీమ్‌కు ముందుమాట: రిపోర్టులో మనకు మార్కులు తెచ్చిన లిటరేచర్ సర్వే, బ్లాక్ డయాగ్రమ్, ఫ్లోచార్ట్ ఈ వీడియోలో ఉండవు. ఇక్కడ చెప్పేది ఒక్కటే: నీళ్లు ఎప్పుడు కావాలో మడే రైతుకు ఫోన్ చేస్తుంది. ఈ మాటకు పనికిరాని షాట్ ఎంత అందంగా వచ్చినా కోసేద్దాం. డ్రోన్ షాట్ కూడా అందులోకే వస్తుంది, ఇప్పుడే చెప్తున్నా.

సీన్ 1: రాత్రి, గట్టు (0:00–0:20)

దృశ్యం: చీకటి. టార్చి వెలుగు గట్టు మీద ఊగుతూ వస్తుంది. ముందు కాళ్లే కనిపిస్తాయి, లుంగీ మోకాలి దాకా మడిచి ఉంటుంది. రైతు ఆగి టార్చి మడి మీదికి తిప్పుతాడు. మడి నిండా నీళ్లు. వెలుగు నీళ్ల మీద మెరుస్తుంది. దూరంగా మోటారు చప్పుడు, కప్పలు.

సంగీతం వద్దు. వాయిస్ ఓవర్ వద్దు.

రైతు (కెమెరా వైపు చూడకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు): "ఇంటికాడ పండుకుంటే మడి ఎండుతదేమో అని బుగులు. వచ్చి చూస్తే నిండుగనే ఉంటది."

తెరపై: రాత్రి 2 గంటలు

కెమెరాకు: నిజంగా అర్ధరాత్రి తీయొద్దు. పొద్దుగూకిన వెంటనే, ఆకాశంలో కాస్త నీలం ఉండగా ఎక్స్‌పోజర్ తగ్గించి తీస్తే గట్టు అంచు కనిపిస్తుంది, పాముల భయం తగ్గుతుంది. అయినా గమ్ బూట్లు వేసుకునే దిగాలి. కాక చెప్పే మాట రాసిచ్చి చదివించొద్దు. "రాత్రిళ్లు ఎందుకు పోతవు కాకా?" అని అడిగితే ఆయనే అంటాడు. పైన రాసింది నాతో అన్న మాటే.

సీన్ 2: పొద్దున, పొంగిపోయే మడి (0:20–0:42)

దృశ్యం: గట్టు తెగిన చోట నీళ్లు పక్క మడిలోకి, అక్కడి నుంచి కాలువలోకి పోతుంటాయి. క్లోజప్: స్టార్టర్ డబ్బా, దాని పక్కనే బిగించిన ఆటో స్టార్టర్. ఎవరూ లేరు. మోటారు దానంతటదే తిరుగుతోంది.

వాయిస్: "తెలంగాణలో 2018 జనవరి 1న సాగుకు ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు మొదలైంది. ఆటో స్టార్టర్ పెట్టుకుంటే రైతు పొలం దగ్గర ఉండాల్సిన పని లేదు. కరెంటు వస్తే మోటారు తిరుగుతుంది. కానీ మడికి చాలు అని దానికి ఎవరు చెప్పాలి?"

గమనిక: ఇది రిపోర్టు మొదటి అధ్యాయం, ఏడు పేజీలు. వాయిస్‌లో కరెంటు పథకాన్ని మెచ్చుకున్నట్టూ ఉండకూడదు, తప్పు పట్టినట్టూ ఉండకూడదు. జరిగింది చెప్పి చివరి ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

సీన్ 3: గాజు తొట్టిలో మడి (0:42–1:08)

దృశ్యం: అక్వేరియం తొట్టిలో పొలం మట్టి, పైన నాలుగు వరి మొక్కలు. గాజుకు ఆనించి బెజ్జాల పైపు, పక్కన స్కేలు. నీళ్లు మట్టి పైనుంచి మెల్లగా కిందికి దిగుతుంటాయి (టైమ్‌ల్యాప్స్). మైనస్ 15 దగ్గర ఎర్ర గీత, ప్లస్ 5 దగ్గర పచ్చ గీత.

వాయిస్: "వరికి కాలం పొడుగునా నీళ్లు నిలబెట్టాల్సిన పని లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ చెప్పే లెక్క ఇది. మట్టికి పదిహేను సెంటీమీటర్ల కిందికి నీళ్లు దిగేదాకా ఆగండి. అప్పుడు మట్టిపైన ఐదు సెంటీమీటర్లు నిలిచేలా పెట్టండి. దిగుబడి తగ్గదు, నీళ్లు ముప్పై శాతం దాకా మిగులుతాయి."

తెరపై: నాటిన రెండు వారాల నుంచి. పూత సమయంలో మాత్రం మడి ఆరకూడదు.

రైతు (పైపులోకి వంగి చూస్తూ): "మంచిదే గని, రోజూ ఎవడు వంగి చూస్తడు బిడ్డా?"

గమనిక: తెరపై వచ్చే ఆ రెండు వాక్యాలు చిన్న అక్షరాల్లో వేస్తే ఒప్పుకోను. వ్యవసాయ అధికారి ముందు చూసేది అదే. పూతకు వారం ముందు, వారం తర్వాత నీళ్లు నిలిచి ఉండాలి, లేకపోతే తాలు పెరుగుతుంది. ఆ మాట లేకపోతే పంట మీద ప్రయోగం చేస్తున్నాం అనుకుంటారు. మీథేన్ సంగతి కూడా రిపోర్టులో ఉంది. నీళ్లు నిలిచిన మట్టిలోకి గాలి పోదు, అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ వదులుతాయి, మడి ఆరితే అది తగ్గుతుంది. నిజమే, ముఖ్యమైనదే. కానీ ఇరవై సెకన్లలో రెండు కథలు పట్టవు. అడిగితే చెబుదాం.

సీన్ 4: పైపు లోపల ఏముంది (1:08–1:34)

దృశ్యం: ల్యాబు టేబుల్ మీద తెల్ల చార్టు. చేతులు మాత్రమే కనిపిస్తాయి. నాలుగంగుళాల పీవీసీ పైపు, 40 సెంటీమీటర్ల ముక్క, కింది సగానికి బెజ్జాలు. దాని చుట్టూ దోమతెర గుడ్డ చుట్టి వైరుతో బిగిస్తారు. లోపలికి ఒక కడ్డీ దిగుతుంది, కడ్డీ మీద జారే ఫ్లోట్, ఫ్లోట్‌లో చిన్న అయస్కాంతం. కెమెరా దగ్గరికి వెళ్తుంది: అయస్కాంతం గీత దగ్గరికి రాగానే రీడ్ స్విచ్ రేకులు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి.

వాయిస్: "సగం మట్టిలో, సగం పైన. నీళ్లతో పాటు ఫ్లోట్ దిగుతుంది. మైనస్ పదిహేను దగ్గర ఒక స్విచ్, ప్లస్ ఐదు దగ్గర ఇంకొకటి. ఏ స్విచ్ కలిస్తే దానికి తగ్గట్టు పై డబ్బాలోని సిమ్ రైతుకు ఫోన్ చేస్తుంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, చదవడం కూడా అక్కర్లేదు."

రీడ్ స్విచ్ షాట్‌కు మ్యాక్రో లెన్స్ కావాలి, లేదంటే మొబైల్‌కు క్లిప్ లెన్స్. రేకులు కలవడం కళ్లకు కనిపించాలి. ప్రొఫెసర్‌కు అదే సర్క్యూట్ డయాగ్రమ్. అల్ట్రాసోనిక్ సెన్సర్ ఎందుకు వాడలేదని ఆయన తప్పకుండా అడుగుతారు. సన్నని పైపులో ధ్వని గోడలకు తగిలి తప్పు దూరం చూపిస్తుంది, పొద్దున పూట తేమ పట్టినా అంతే. రిపోర్టు 31వ పేజీలో ఉంది. వీడియోలో వద్దు.

సీన్ 5: మడి ఫోన్ చేసింది (1:34–2:12)

వీడియోకు ఆయువుపట్టు ఇదే. మిగతావన్నీ కుదించైనా దీనికి టైమ్ మిగల్చాలి.

దృశ్యం: ఊళ్లో టీ కొట్టు. కాక బల్ల మీద కూర్చుని ఉంటాడు, పక్కన ఇంకో ఇద్దరు. బటన్ల ఫోన్ మోగుతుంది. స్క్రీన్ క్లోజప్: "మడి" అని పేరు. ఒక్కసారి మోగి ఆగుతుంది. కాక ఫోన్ జేబులో పెట్టుకుని లేస్తాడు.

పక్కనున్నాయన: "ఎవలే?"

రైతు: "మడి. నీళ్లు పెట్టుమంటుంది."

దృశ్యం: స్టార్టర్ పచ్చ బటన్ నొక్కిన చెయ్యి. పైపు నోట్లోంచి నీళ్లు మడిలోకి దూకుతాయి. కట్. తెరపై "3 గంటల తర్వాత". ఫోన్ వెంటవెంటనే రెండుసార్లు మోగుతుంది. ఎర్ర బటన్. మోటారు చప్పుడు ఆగిపోతుంది.

వాయిస్ (మోటారు ఆగాక మాత్రమే): "ఒకసారి మోగితే తడి పెట్టాలి. రెండుసార్లు మోగితే ఆపాలి."

కెమెరాకు: ఫోన్ మోత డబ్బింగ్‌లో కలపొద్దు. నిజంగా పైపులో నీళ్లు దిగి, నిజంగా కాల్ రావాలి. కాల్ కలవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అది ఎడిటింగ్‌లో కోసుకోవచ్చు. "3 గంటల తర్వాత" అన్న అక్షరాలు మాత్రం ఎవరూ తీసేయొద్దు, అవి లేకపోతే మడి రెండు నిమిషాల్లో నిండినట్టుంటుంది. బ్యాంకాయనది ఊరే అయితే ఆ ఒక్కటితో మనల్ని నమ్మడం మానేస్తాడు. "మడి. నీళ్లు పెట్టుమంటుంది" అన్నాక కొట్టు దగ్గర ఎవరైనా నవ్వితే ఉంచేయండి.

సీన్ 6: ఏం తేలింది, ఏం తేలలేదు (2:12–2:28)

దృశ్యం: నోట్‌బుక్ పేజీ, పెన్నుతో రాసిన తేదీలు, పక్కన స్కేలుతో కొలిచిన అంకెలు. మట్టి మరక ఉన్న పేజీనే తీయండి.

వాయిస్: "ఒక యాసంగి, ఒక మడిలో పెట్టి చూశాం. కాల్ వచ్చినప్పుడల్లా వెళ్లి స్కేలుతో కొలిచి సరిచూసుకున్నాం. మాకు ఎన్ని నీళ్లు మిగిలాయో మాత్రం చెప్పం. పోల్చడానికి పక్కన ఇంకో మడి లేదు. అందుకే మీ దగ్గరికి వచ్చాం."

రిపోర్టు 48వ పేజీలో మనం ఒక శాతం లెక్క వేశాం. అది గైడ్ గారి కోసం వేసిన అంచనా. వీడియోలో వేస్తే ఎలా కొలిచారని మొదటి ప్రశ్న అదే వస్తుంది. ముప్పై శాతం వరి పరిశోధన సంస్థ మాట, మనది కాదు. ఆ తేడా వాయిస్‌లో వినపడాలి.

సీన్ 7: ఖర్చు (2:28–2:36)

దృశ్యం: టేబుల్ మీద విడిభాగాలు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి, పక్కన ధర. చివరన మొత్తం: 1,640 రూపాయలు.

వాయిస్: "ఒక్క పైపు, డబ్బా, సోలార్ పలక అన్నీ కలిపి పదహారు వందల నలభై. సిమ్ రీఛార్జి వేరే."

"సిమ్ రీఛార్జి వేరే" అన్నది గొంతు తగ్గించి చెప్పొద్దు.

సీన్ 8: అడిగేది (2:36–2:50)

దృశ్యం: మడి గట్టు మీద టీమ్ నలుగురం, ముందు కాక. కాలేజీ ఐడీ కార్డులు మెడలో ఉండకూడదు. వాయిస్ చెప్పినవాళ్లే ఇప్పుడు కెమెరా వైపు చూసి మాట్లాడతారు.

మాట: "వచ్చే యాసంగికి ఒకే ఊళ్లో ఇరవై పైపులు పెడతాం. పైపు ఉన్న ప్రతి మడి పక్కన, పైపు లేని మడి ఒకటి ఉంటుంది. రెండింటికీ నీటి మీటర్లు పెట్టి కొలుస్తాం. పైపులకు ముప్పై రెండు వేల ఎనిమిది వందలు. మీటర్లకు, రీఛార్జికి, రిపేర్లకు కలిపి ఇంకో నలభై వేలు. మొత్తం డెబ్బై రెండు వేల ఎనిమిది వందలు. పంట కోశాక లెక్కలు ఎలా వస్తే అలాగే మీ ముందు పెడతాం, బాగా రాకపోయినా సరే."

తెరపై: 20 పైపులు, ఒక ఊరు, ఒక యాసంగి. 72,800 రూపాయలు.

ఎడిటింగ్‌కు: అంకె తెర మీద నాలుగు సెకన్లు ఉండాలి. దాని తర్వాత థాంక్యూ స్లైడ్, కాలేజీ లోగో, గైడ్ గారి ఫొటో ఏవీ రావు. గైడ్ గారికి నేను చెప్పుకుంటాను.