విషయం: జూన్ 18 ఇంటర్వ్యూకు హాజరవుతున్నాను – లింక్ పరీక్ష, రెండో ఫోన్ నంబరు, ఒక సందేహం

మేడమ్ గారికి నమస్కారం.

క్షేత్ర సమన్వయకర్త ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పిలిచినందుకు చాలా కృతజ్ఞతలు. వేరుశనగ రైతుల మధ్యే పెరిగినదాన్ని, ఈ పనే చేయాలని ఉంది. జూన్ 18, గురువారం తప్పకుండా హాజరవుతాను.

ముందుగా ఒక సందేహం. మీ మెయిల్‌లో ఉదయం 11 గంటలని ఉంది. దానితో వచ్చిన క్యాలెండర్ ఆహ్వానంలో మాత్రం 11:30 అని చూపిస్తోంది. ఏది సరైనదో ఒక్క మాట రాయగలరా? ఏదైనా నాకు ఇబ్బంది లేదు, 10:45 నుంచే లాప్‌టాప్ ముందు సిద్ధంగా ఉంటాను.

మీరు పంపిన గూగుల్ మీట్ లింక్‌ను ఈ రోజు లాప్‌టాప్‌లో క్రోమ్ నుంచీ, ఫోన్‌లో మీట్ యాప్ నుంచీ తెరిచి చూశాను. రెండింటిలోనూ కెమెరా, మైక్ పనిచేస్తున్నాయి. Ask to join అనే బటన్ వరకు వచ్చి ఆగాను. ఆ లింక్‌లో మీకు వేరే సమావేశం ఏదైనా జరుగుతుంటే మధ్యలో అడ్డు రావడం బాగుండదని నొక్కలేదు. ఆ రోజు మీ వైపు నుంచి ఎవరైనా అనుమతిస్తేనే లోపలికి రాగలను. దరఖాస్తులో ఇచ్చిన జీమెయిల్‌తోనే వస్తాను, తెరమీద బి. లావణ్య అనే పేరు కనిపిస్తుంది. ఫోన్ నుంచి చేరాల్సి వచ్చినా అదే ఖాతా, అదే పేరు.

మా ఇల్లు ఉరవకొండలో. మృగశిర కార్తెలో సాయంత్రం గాలివాన వచ్చిందంటే మా వీధిలో కరెంటు మరునాడు ఎప్పుడొస్తుందో చెప్పలేం. అందుకే ముందురోజే అనంతపురం సాయినగర్‌లోని మా చిన్నాయన ఇంటికి వచ్చేస్తాను. అక్కడ ఫైబర్ నెట్ ఉంది. రౌటర్‌ను ఇన్వర్టర్ లైనుకు మార్పించాం, కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా అది ఆగదు. బయట వైరు దగ్గరే నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్‌కు మారతాను. ఫోన్‌లో రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉన్నాయి.

హాట్‌స్పాట్ మీద మా తమ్ముడితో మీట్ కాల్ చేసి చూశాను. మాట స్పష్టంగా వినిపించింది కానీ వీడియో అప్పుడప్పుడు నిలిచిపోయింది. అలాంటి పరిస్థితి వస్తే మీకు చెప్పి, మీరు సరేనంటే కెమెరా ఆపి మాట్లాడతాను. నా ముఖం కనిపించకపోయినా ఫర్వాలేదు, జవాబు సగంలో తెగిపోకూడదని నా ఆశ. నెట్ నిలకడగా ఉన్నంతసేపు కెమెరా తప్పకుండా ఆన్‌లోనే ఉంటుంది.

మాట మధ్యలో లైను తెగితే అదే లింక్‌తో వెంటనే మళ్లీ చేరడానికి ప్రయత్నిస్తాను. అయిదు నిమిషాలు గడిచినా నేను కనిపించకపోతే దయచేసి ఫోన్ చేయండి. మొదట నా నంబరు, అంటే రెజ్యూమేలో పైన ఉన్నది. అది కలవకపోతే దరఖాస్తులో ‘అత్యవసర నంబరు’ అన్నచోట రాసినది, చివరి అంకెలు 417. అది చిన్నాయన ఫోన్. ఆయన ఆ గంటా నా పక్క గదిలోనే ఉంటారు, మోగగానే నాకు అందిస్తారు. ఆహ్వానంలో ఫోన్ ద్వారా మీటింగ్‌లో చేరే నంబరు కనిపించలేదు. అందుకే నెట్ పూర్తిగా పోతే మామూలు ఫోన్ కాల్‌లోనే స్పీకర్ మీద మిగతా ప్రశ్నలు అడగడానికి ప్యానెల్ వారికి వీలవుతుందేమో చూడండి. అలాగే ఆ రోజు నేను సంప్రదించాల్సిన నంబరు ఒకటి ఇస్తే మేలు. ఆ సమయంలో మెయిల్ రాసి జవాబు కోసం ఎదురుచూడటం కష్టం.

మీరు చేయమన్న ఎక్సెల్ పట్టికను స్క్రీన్ షేర్ చేసి వివరిస్తాను. కదిరి-6, కదిరి లేపాక్షి రకాలకు విడివిడి షీట్లు పెట్టాను. విత్తిన తేదీ, ఎకరాకు వేసిన విత్తనం, తడులు, దిగుబడి వరుసగా ఉంటాయి. ఫోన్‌లోకి మారాల్సి వస్తే అంత పెద్ద పట్టికను తెరమీద చూపించడం కుదరదు. అందుకే దాని పీడీఎఫ్‌ను ఈ మెయిల్‌కు జతచేస్తున్నాను. ప్రతి పేజీకి, ప్రతి వరుసకు అంకె వేశాను. ‘రెండో పేజీ, 14వ వరుస’ అంటే అందరం ఒకేచోట చూడవచ్చు. ప్యానెల్‌లోని మిగతా సభ్యులకు కూడా దీన్ని ముందే పంపించగలిగితే సంతోషిస్తాను.

మైక్ ఉన్న వైరు ఇయర్‌ఫోన్ వాడతాను. గుర్తింపు కోసం ఆధార్, డిగ్రీ మెమోలు దగ్గర పెట్టుకుంటాను.

బుధవారం సాయంత్రం మీ వీలును బట్టి రెండు నిమిషాలు ఇదే లింక్‌లో నన్ను చేర్చుకుని, స్క్రీన్ షేర్ మీకు సరిగా కనిపిస్తోందో లేదో చూస్తారా? కుదరకపోతే ఇబ్బంది లేదు, గురువారం మొదట్లోనే చూసుకుందాం.

ఇంటర్వ్యూ సమయం, మీ ఫోన్ నంబరు తెలియజేస్తారని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
బి. లావణ్య
ఉరవకొండ, అనంతపురం జిల్లా

జతచేసినది: వేరుశనగ పట్టిక (పీడీఎఫ్)