ప్రత్యేక అధికార పత్రము (స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ)

2026వ సంవత్సరం ఫిబ్రవరి నెల 12వ తేదీ గురువారం నాడు,

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, బుచ్చిరెడ్డిపాళెం మండలం, జొన్నవాడ గ్రామంలో కాపురముంటూ వ్యవసాయం చేసుకుంటున్న కీ.శే. గూడూరు వెంకటసుబ్బయ్య గారి కుమారులు, 58 సంవత్సరాల వయస్సు గల, నాకు స్వయానా మేనమామ అయిన గూడూరు చెంచురామయ్య గారికి,

అదే మండలం రేబాల గ్రామ వాస్తవ్యుడనై, ప్రస్తుతం కువైట్ దేశం సాల్మియాలో ఉంటూ ఎలక్ట్రికల్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న కీ.శే. మన్నేపల్లి రమణయ్య గారి కుమారుడను, 41 సంవత్సరాల వయస్సు గల మన్నేపల్లి పెంచల నరసింహులు అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించి ఇచ్చిన ప్రత్యేక అధికార పత్రం ఏమనగా:

దిగువ షెడ్యూలులోని 2 ఎకరాల 36 సెంట్ల మాగాణి భూమిని మా నాయన గారు 2016లో బుచ్చిరెడ్డిపాళెం సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 1482/2016 నెంబరు దాన సెటిల్‌మెంటు దస్తావేజు ద్వారా నాకు సంక్రమింపజేసి, స్వాధీనం కూడా ఇచ్చినారు. అప్పటికే నేను కువైట్‌లో ఉన్నందున మ్యుటేషన్‌కు అర్జీ పెట్టలేదు. నాయన గారు 2021లో కాలం చేసినారు. రీసర్వే తరువాత ఈ భూమికి ఎల్‌పీఎం నెంబరు 1123 వచ్చినది. అందులో పట్టాదారుగా నేటికీ నాయన గారి పేరే ఉన్నది. విస్తీర్ణం 2 ఎకరాల 21 సెంట్లుగా నమోదై ఉన్నది. దస్తావేజుకూ ఎల్‌పీఎంకూ 15 సెంట్లు, అనగా 726 చదరపు గజాల తేడా.

ఈ రెండు పనులకు, అనగా పేరు మార్పుకూ విస్తీర్ణం సవరణకూ, నేను స్వయంగా రాలేకపోతున్నందున మీకు ఈ క్రింది అధికారాలు ఇస్తున్నాను.

1. నా తరఫున తహశీల్దారు, రెవెన్యూ డివిజనల్ అధికారి, జాయింట్ కలెక్టరు, సర్వే శాఖ కార్యాలయాలలోనూ, గ్రామ సచివాలయంలోనూ, మీసేవ కేంద్రంలోనూ హాజరు కావడం, మ్యుటేషన్ అర్జీ, దస్తావేజు నకలు, నాయన గారి మరణ ధ్రువపత్రం దాఖలు చేయడం, నోటీసులు అందుకోవడం, విచారణలో వాంగ్మూలం ఇవ్వడం, అడంగల్, 1-బి, ఎఫ్‌ఎంబీ, ఆర్‌ఎస్‌ఆర్, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ నకళ్లు తీసుకోవడం, నా పేరున వచ్చే పట్టాదారు పాసు పుస్తకం అందుకోవడం. దాఖలు చేసిన ప్రతి అర్జీకి తేదీ, నెంబరు ఉన్న రసీదు తీసుకోవాలి. నోటి మాట మీద అర్జీ ఇచ్చి రావద్దని మనవి.

2. కొలతలకు అర్జీ పెట్టి, చలానా కట్టి, సర్వేయరు వచ్చిన రోజున భూమి మీద ఉండి హద్దులు చూపడం. కొలతకు ముందే పక్క రైతులందరికీ నోటీసులు అందినాయో లేదో అడిగి తెలుసుకోవాలి. ఒక్కరికి అందకపోయినా వారు అభ్యంతరం చెబితే కొలత మళ్లీ మొదటికి వస్తుంది. ఈశాన్యం మూల పాత సర్వే రాయి బోదె గట్టు మీద, తుమ్మ మొద్దుకు ఆనుకుని సగం మట్టిలో కూరుకుపోయి ఉన్నది. దానిని ముందు రోజే తవ్వించి, పైకి కనబడేలా చేసి, రాయిని కదపకుండా ఫొటో తీసి ఉంచాలి. తేడా ఉత్తరపు గట్టు వెంబడే ఉన్నట్లు కనబడుతున్నందున కొలత ఆ రాయి నుండే మొదలు పెట్టమని లిఖితపూర్వకంగా కోరవచ్చు.

3. సర్వేయరు తయారు చేసిన స్కెచ్, పంచనామాల మీద సంతకం చేయడం. అయితే 2 ఎకరాల 36 సెంట్లకు ఒక్క సెంటు తక్కువ చూపిన కాగితం మీదనైనా, నా లిఖితపూర్వక సమ్మతి లేకుండా "అంగీకరించడమైనది" అని సంతకం చేసే అధికారం మీకు లేదు. అటువంటి సందర్భంలో "అభ్యంతరంతో హాజరైనాను" అని మీ చేతితో వ్రాసి, దాని కింద సంతకం చేయాలి.

4. ఉత్తర్వు ప్రతికూలంగా వస్తే ధ్రువీకృత నకలు తీసుకుని, గడువులోపు చట్ట ప్రకారం అప్పీలు, రివిజను దాఖలు చేయడం. అందుకోసం న్యాయవాదికి వకాలత్ ఇవ్వడం.

నా పేరు దస్తావేజులో మన్నేపల్లి నరసింహులు అనీ, పాస్‌పోర్టు, ఆధార్‌లలో మన్నేపల్లి పెంచల నరసింహులు అనీ ఉన్నది. ఈ రెండు పేర్లూ నావే, ఇద్దరమూ ఒకరమే అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. పేరులో తేడా వల్ల అర్జీ నిలిచిపోకుండా పాస్‌పోర్టు నకలు, ఆధార్ నకలు జతచేస్తున్నాను.

ఈ-కేవైసీ కోసం నా వేలిముద్ర అడిగితే అది మీరు ఇవ్వగలిగినది కాదు గనుక, నేను సెలవు మీద వచ్చే వరకు గడువు కోరుతూ అర్జీ పెట్టవచ్చు. ఆధార్ ఓటీపీ నా ఫోనుకే వస్తుంది. దానిని మీకు తప్ప మరెవరికీ చెప్పను. మీరు కూడా మరొకరికి చెప్పవద్దు.

ఈ భూమిని అమ్మడం, అమ్మకపు అగ్రిమెంటు వ్రాయడం, అడ్వాన్సు తీసుకోవడం, తనఖా పెట్టడం, దానమివ్వడం, పంచడం, భూమి మీద బ్యాంకు లోను తీసుకోవడం, నాకు రావలసిన ఏ పరిహారాన్నైనా తీసుకోవడం ఈ పత్రంలోని అధికారాలలో లేవు. కౌలుదారుకు సాగుదారు హక్కుల కార్డు కోసం భూ యజమాని తరఫున సమ్మతి సంతకం చేసే అధికారమూ లేదు. ఈ అధికారాన్ని మీరు వేరొకరికి బదిలీ చేయరాదు.

అర్జీలకు, చలానాలకు, నకళ్లకు, ప్రయాణాలకు అయ్యే ఖర్చు నేను పంపుతాను. చలానా రసీదుల అసలు ప్రతులు మీ వద్దే భద్రపరచి, ఫొటోలు నాకు పంపాలి.

పైన చెప్పిన పరిమితులలో మీరు చట్టబద్ధంగా చేసిన పనులన్నీ నేను స్వయంగా చేసినట్లే భావించి కట్టుబడి ఉంటాను. ఈ పత్రం 2027 డిసెంబరు 31 వరకు గానీ, సరైన విస్తీర్ణంతో నా పేరున పాసు పుస్తకం వచ్చే వరకు గానీ, ఏది ముందైతే అంతవరకే అమలులో ఉంటుంది. అంతకు ముందే రద్దు చేయదలిస్తే మీకూ తహశీల్దారు గారికీ లిఖితపూర్వకంగా తెలియజేస్తాను.

ఈ పత్రాన్ని కువైట్‌లోని భారత రాయబార కార్యాలయ అధికారి సమక్షంలో సంతకం చేసి, ధ్రువీకరణ పొంది, కొరియరులో పంపుతున్నాను. మీకు అందిన తేదీ నుండి 3 నెలలలోపు భారత స్టాంపు చట్టం 1899, సెక్షన్ 18 ప్రకారం నెల్లూరులోని జిల్లా రిజిస్ట్రారు గారి వద్ద స్టాంపు వేయించాలి. గడువు లెక్క అందిన తేదీ నుండే గనుక, తేదీ ముద్ర ఉన్న కొరియరు కవరును పారేయకుండా పత్రంతో పాటే ఉంచాలి. స్టాంపు పడిన తరువాతే కార్యాలయాలలో దాఖలు చేయాలి. అసలు పత్రం చూపించి, నకలు మాత్రమే ఇవ్వాలి.

షెడ్యూలు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, బుచ్చిరెడ్డిపాళెం మండలం, రేబాల గ్రామం, పాత సర్వే నెంబరు 214/2, ప్రస్తుత ఎల్‌పీఎం నెంబరు 1123, దస్తావేజు ప్రకారం 2 ఎకరాల 36 సెంట్లు మాగాణి. చెక్కుబందీ:

తూర్పు: పంట బోదె
దక్షిణం: బండ్ల డొంక
పడమర: కె. శీనయ్య వగైరాల మాగాణి
ఉత్తరం: టి. మాలకొండయ్య గారి మాగాణి, మధ్య గట్టు

ఈ హద్దుల మధ్య గల భూమి, దానికి చెందిన నీటి పారుదల, దారి హక్కులతో సహా.

ప్రతి పుటలోనూ సంతకం చేసి, చివరి పుటలో ఫొటో అంటించి, ఎడమ బొటనవేలి ముద్ర వేసినాను.

అధికారం ఇచ్చినవారు: మన్నేపల్లి పెంచల నరసింహులు (సంతకం)

సాక్షులు:
1. పి. సుధాకర్, ఫర్వానియా, కువైట్ (సంతకం)
2. షేక్ మస్తాన్ బాషా, సాల్మియా, కువైట్ (సంతకం)

పై షరతులన్నీ చదివించుకుని విని, అంగీకరించి ఈ అధికారాన్ని స్వీకరించినాను.

అధికారం పొందినవారు: గూడూరు చెంచురామయ్య (సంతకం), జొన్నవాడ, 2026 మార్చి 2