చిన్నమ్మా, 87 నీ సీటు కాదు

చిన్నమ్మా, పొద్దున ఫోన్‌లో "87వ సీటంటే మరీ వెనకేమో రా" అని భయపడ్డావు కదా. అందుకే నీ బోర్డింగ్ పాస్ స్క్రీన్‌షాట్‌లో నీకు కావాల్సిన ముక్క ఒక్కటే మళ్లీ పంపుతున్నా. పేరు, బార్‌కోడ్ ఉన్న భాగం కావాలనే తీసేశా. దాన్ని స్టేటస్‌లో మాత్రం పెట్టకు.

```
HYD → PNQ
DEP 14:10   BOARDING 13:25
GATE 24     GATE CLOSES 13:45
ZONE 2      SEAT 14A   SEQ 0087
```

HYD అంటే మన శంషాబాద్, PNQ అంటే అక్క ఉండే పూణె.

SEQ 0087 అంటే ఆ విమానానికి చెక్-ఇన్ అయినవాళ్లలో నీ వరుస నంబర్. ఎవరు ఎక్కారు, ఎవరు ఇంకా రాలేదు అని సిబ్బంది చూసుకోవడానికి పనికొస్తుంది. దాంతో నీకేం పనిలేదు, మరిచిపో. అసలు ఆ విమానంలో 87 వరుసలే ఉండవు.

నీ సీటు 14A. పద్నాలుగో వరుసలో కిటికీ పక్కది. నంబర్లు, అక్షరాలు సీట్ల పైన సామాన్లు పెట్టే అరల కింద రాసి ఉంటాయి. ఎవరైనా అందులో కూర్చుని ఉంటే గొడవ పడకు, ఎయిర్ హోస్టెస్‌కు పాస్ చూపించు.

ZONE 2 అంటే రెండో గుంపు. జోన్ 1 వాళ్లను పిలవగానే జనమంతా లేచి నిలబడతారు. చూసి నువ్వూ ఉరకకు. ఇది జడ్చర్ల బస్సు కాదు, కర్చీఫ్ వేయాల్సిన పనిలేదు, నీ సీటు నీదే.

నువ్వు జాగ్రత్తగా చూడాల్సింది గేటు ఒక్కటే. ఇప్పుడు 24 అని ఉంది కానీ చివరి నిమిషంలో మారొచ్చు. సెక్యూరిటీ దాటాక పెద్ద తెరల మీద 14:10 పూణె విమానం పక్కన ఏ నంబర్ ఉందో చూడు. పాస్ మీద ఒకటి, తెర మీద ఒకటి ఉంటే తెరనే నమ్ము. మైక్‌లో పిలుస్తారులే అని కూర్చోకు. గేటు దగ్గరికి వెళ్లాక కూడా అక్కడున్నవాళ్లను "పూణేనా?" అని ఒకసారి అడుగు. అడగడానికి సిగ్గేం లేదు, నేనూ మొదటిసారి ముగ్గురిని అడిగా.

ఇంకోటి, 14:10 అనేది విమానం కదిలే టైమ్. గేటు 13:45కే మూసేస్తారు, అంటే మధ్యాహ్నం ఒకటీ నలభై అయిదుకు. తర్వాత బతిమాలినా తీయరు. ఒకటింబావుకే గేటు దగ్గర కూర్చో.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చేటప్పుడు శంషాబాద్ సిటీకంటే ముందే వస్తుంది. ఎంజీబీఎస్ దాకా పోకండి. పన్నెండింటికల్లా ఎయిర్‌పోర్ట్ దగ్గరుండండి. టికెట్ లేదు కాబట్టి చిన్నాయన లోపలికి రాలేడు. ఆధార్ అసలుది నీ చేతిసంచిలో పెట్టుకో, ఆవకాయ జాడీ మాత్రం కౌంటర్‌లో ఇచ్చే పెద్ద బ్యాగులో పెట్టు.

14Aలో కూర్చున్నాక, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టే ముందు అక్కకు ఒక్క మెసేజ్ పెట్టు.