"రేటు ఎక్కువండీ" అంటే ఏం చెప్పాలి: ఏసీ కాంట్రాక్టు కాల్స్‌కి మన మాటలు

ఆఫీసులకి ఏసీ ఏఎంసీ కోసం ఫోన్ చేసే అందరం ఇకనుంచి ఈ మాటలే వాడదాం. బట్టీ పట్టక్కర్లేదు, మీ నోటికి తగ్గట్టు మార్చుకోండి, కానీ ప్రశ్నలు మాత్రం వదిలేయొద్దు. వాళ్ళు కాదనగానే గబగబా ఎదురు చెప్పేయకుండా రెండు క్షణాలు ఆగండి, చాలాసార్లు అసలు విషయం ఆ తర్వాతే బయటికొస్తుంది.

"అమ్మో, చాలా ఎక్కువ చెప్తున్నారు"

"అర్థమైంది సార్. ఇంకెవరైనా తక్కువకి చెప్పారా, లేక మీరు ఈ ఏడాదికి అనుకున్న బడ్జెట్ దాటిపోయిందా?"

ఈ రెండూ వేరువేరు ఇబ్బందులు, ఒకటే జవాబు చెప్తే కుదరదు. వేరేవాళ్ళు తక్కువకి చెప్పారంటే:

"ఆ కొటేషన్ ఒకసారి చూడండి సార్, అది విడిభాగాలతో కలిపా, లేబర్ మాత్రమేనా? మీ పన్నెండు ఏసీలకి మేం ఏడాదికి నాలుగు సర్వీసులు చేస్తాం, మధ్యలో ఎన్నిసార్లు పిలిచినా విడిగా తీసుకోం, కంప్రెసర్, పీసీబీ, ఫ్యాన్ మోటార్, గ్యాస్ అన్నీ అందులోనే. వాళ్ళూ ఇవన్నీ కాగితం మీద రాసిచ్చి రేటు తక్కువైతే వాళ్ళకే ఇవ్వండి."

ఆ చివరి మాట మనస్ఫూర్తిగా అనండి. బడ్జెట్టే సమస్య అయితే:

"అయితే అన్నిటికీ పూర్తి కాంట్రాక్టు వద్దు సార్. సర్వర్ రూమ్‌లో రెండూ రాత్రీ పగలూ నడుస్తాయి కదా, వాటికి మాత్రం విడిభాగాలతో తీసుకోండి, మిగతా పదింటికి లేబర్ కాంట్రాక్టు చాలు. ఈ లెక్కతో కొత్త కొటేషన్ సాయంత్రంలోపు పంపుతాను."

రేటు తగ్గించాలంటే పని కూడా తగ్గాలి. ఉన్న పనికే రేటు తగ్గించేస్తే మొదట చెప్పింది ఉత్తదే అని మనమే ఒప్పుకున్నట్టు.

"మాకు ఆల్రెడీ ఒకాయన ఉన్నాడు"

"మంచిది సార్, ఆయన్ని మార్చమని అడగట్లేదు. ఒక్క మాట చెప్పండి, గత ఏడాదిలో ఏ ఏసీకైనా రెండుసార్లు గ్యాస్ పట్టించారా?"

అవునంటే:

"ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చైపోదు సార్, మూసి ఉన్న పైపుల్లోనే తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, అది మూయకుండా గ్యాస్ పట్టిస్తే మళ్ళీ పోతుంది. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర రాగి పైపు బిగించిన నట్టు చుట్టూ నూనె జిడ్డు ఉందేమో మీ మనిషినే చూడమనండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం బయటికొస్తుంది కాబట్టి లీకున్న చోట మరక కనిపించే అవకాశం ఎక్కువ."

ఇది మనకి కాంట్రాక్టు రాకపోయినా చెప్పాల్సిన మాటే. నాకు ఒక ఆఫీసు ఇలాగే వచ్చింది: నట్టు దగ్గర నల్లటి జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము ఫొటో తీసి వాళ్ళే పంపారు, ఆ తర్వాత నేను అమ్మాల్సింది ఏమీ మిగల్లేదు. ఎవరి పనినీ తిట్టకండి, ఆ మనిషిని పెట్టుకున్నది మీతో మాట్లాడుతున్న ఆయనే అయ్యుండొచ్చు.

అంతా బాగుందంటే: "అయితే ఆయన్ని వదులుకోకండి సార్. ఆయన దొరకని రోజు ఏసీ ఆగితే ఈ నంబర్‌కి చేయండి. కాంట్రాక్టు ఏ నెలలో అయిపోతుందో చెప్తే అప్పుడు ఒక్కసారి పలకరిస్తాను."

"డీటెయిల్స్ పంపండి, చూస్తాం"

"తప్పకుండా సార్. ఊరికే బ్రోషర్ పంపితే మీకు పనికొచ్చేది మీరే వెతుక్కోవాలి, అందుకే రెండే అడుగుతాను. ఏసీలు ఎన్నేళ్ళవి? ఇప్పుడు ఎక్కువ ఇబ్బంది దేంతో, చల్లబడకపోవడమా, నీళ్ళు కారడమా?"

చెప్పారంటే నిజంగా చూస్తారు. పొడిపొడిగా "పంపండి చాలు" అంటే: "మొహమాటం వద్దు సార్, అవసరం లేదంటే చెప్పేయండి, మళ్ళీ విసిగించను." ఇబ్బంది చెప్పినవాళ్ళకైతే ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఇలాంటి మెసేజ్ వెళ్ళాలి:

"నమస్తే సార్. ఇందాక మీటింగ్ రూమ్ ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయన్నారు. డ్రెయిన్ పైపులో పాకుడు పట్టినా, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి కాయిల్ మీద ఐస్ కట్టి కరిగినా అలా అవుతుంది. ముందు ఫిల్టర్ తీసి కడిగి ఆరబెట్టి పెట్టించండి. అప్పటికీ కారితే పైపు శుభ్రం చేయాలి. పన్నెండు ఏసీల కొటేషన్ జతచేశాను. గురువారం పదకొండింటికి ఫోన్ చేస్తాను."

గురువారం పదకొండింటికే చేయండి, పదకొండున్నరకి కాదు.

"ఆలోచించి చెప్తాం"

"సరే సార్. ఆలోచించాల్సింది రేటు గురించా, మా పని ఎలా ఉంటుందోననా? పని గురించే అయితే ఒక్క ఏసీ ఇవ్వండి, సర్వీసు చేసి చూపిస్తాం, మిగతా పదకొండు సంగతి తర్వాత మాట్లాడుకుందాం."