ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు సారాంశం: కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టి ఇంటికి పంపిన పేషెంట్లపై అంతర్గత ఆడిట్

సమర్పిస్తున్నది: జనరల్ మెడిసిన్ విభాగం, గుంటూరు
తేదీ: 18 ఆగస్టు 2025
కోరుతున్నది: మొదటి భాగానికి (కేస్ షీట్ల పరిశీలన) సమ్మతి పత్రం నుంచి మినహాయింపు; రెండో భాగానికి (ఫోన్ కాల్) నోటిమాట సమ్మతితో త్వరిత సమీక్ష

ఎందుకు ఈ ఆడిట్

జూన్‌లో మా వార్డులో ఒక రాత్రి రెండు గంటలకు ఒక పేషెంట్ షుగర్ 42కి పడిపోయింది. వెంటనే గ్లూకోజ్ ఎక్కించాం, తెల్లారేసరికి కోలుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయను. ఏం జరిగిందో మాత్రం చెప్పాలి, ఈ దరఖాస్తు పుట్టింది అక్కడే.

ఆ పేషెంట్‌ను ఏప్రిల్‌లో మేమే 40 ఐయూ సీసా, ఎర్ర మూత సిరంజి ఇచ్చి, ఉదయం 20 యూనిట్లు వేసుకోమని ఇంటికి పంపాం. సిరంజిలు అయిపోయాక ఊళ్లో కొన్నప్పుడు నారింజ మూతవి వచ్చాయి. అవి 100 ఐయూ ఇన్సులిన్‌కు చేసినవి. వాటి మీద 20 గీత దాకా తీస్తే 40 ఐయూ సీసా నుంచి వచ్చేది 8 యూనిట్లే. షుగర్ తగ్గలేదు. బయట చూపించుకుంటే డోసు పెంచుతూ 36కి తెచ్చారు. 36 గీత దాకా వేసుకున్నా లోపలికి వెళ్తున్నది 14 యూనిట్ల పైచిలుకే. జూన్‌లో వేరే జబ్బుతో మా దగ్గర చేరినప్పుడు, ఇంట్లో ఎంత వేసుకుంటున్నారని అడిగి, ఆ 36 యూనిట్లను మా ఎర్ర మూత సిరంజితో ఇచ్చాం. అడిగినదానికి పేషెంట్ నిజమే చెప్పారు, నర్సు రాసినట్టే ఇచ్చారు. ఏ సిరంజితో అని మాత్రం మాలో ఎవరూ అడగలేదు. మందు ఒక్కసారిగా రెండున్నర రెట్లయింది.

తర్వాత ఏప్రిల్ నాటి కేస్ షీట్ తీసి చూశాను. అందులో ఒకే ఒక్క వాక్యం: "ఇన్సులిన్ గురించి వివరించడమైనది." ఏం వివరించాం, ఎవరికి వివరించాం, వాళ్లు తిరిగి చేసి చూపించారా, ఏదీ లేదు. అలాంటి వాక్యం మా షీట్లన్నిటిలో ఉంటుంది. నేను సంతకం పెట్టిన వాటిలోనూ ఉంది. ఆ మాట పేషెంట్ ఇంట్లో ఎంతవరకు నిజమో తెలుసుకోవాలన్నదే ఈ ఆడిట్ ఉద్దేశం.

ఎవరిని, ఎలా

1 ఏప్రిల్ నుంచి 30 జూన్ 2025 వరకు మా మెడికల్ వార్డుల నుంచి మొదటిసారి ఇన్సులిన్‌తో ఇంటికి వెళ్లినవారు రిజిస్టర్ ప్రకారం 74 మంది. వీరిలో కొందరిని ఎంచుకోవడం లేదు, అందరినీ తీసుకుంటాం. 18 ఏళ్ల లోపువారు, గర్భంతో ఉన్నప్పుడు మాత్రమే ఇన్సులిన్ వాడినవారు ఈ లెక్కలో లేరు. ఈ సంఖ్యతో జిల్లా గురించి, రాష్ట్రం గురించి ఏమీ చెప్పలేం, చెప్పబోం. మా వార్డు గురించి మాకు తెలిస్తే చాలు.

మొదటి భాగంలో 74 కేస్ షీట్లు, డిశ్చార్జ్ సమ్మరీలు చదువుతాం. సీసానా, పెన్నా, ఎన్ని ఐయూ, సిరంజి రకం రాశారా, నేర్పింది పేషెంట్‌కా, ఇంట్లోవాళ్లకా, వాళ్ల చేత ఒకసారి చేయించి చూశారా, లో షుగర్ గుర్తులు చెప్పారా, మందు ఎక్కడ దాచాలో చెప్పారా. ఇంతే. కులం, మతం, ఆదాయం, ఆధార్, ఇంటి చిరునామా తీసుకోం. వయసును పదేళ్ల వరసల్లో, ఊరిని మండలం వరకే రాసుకుంటాం.

రెండో భాగం ఫోన్ కాల్, సుమారు పది నిమిషాలు. కాగితం చూస్తే మేమేం రాశామో తెలుస్తుంది, వాళ్లకేం అర్థమైందో తెలియదు. అందుకే ఫోన్ తప్పదనిపించింది. సూది ఎవరు వేస్తున్నారు, సీసా మీద ఏ అంకె ఉంది, సిరంజి మూత ఏ రంగు, ఒకే చోట వేస్తున్నారా, చెమటలు పట్టి వణుకు వచ్చిందా, వస్తే ఏం చేశారు, మందు ఎక్కడ పెడుతున్నారు అని అడుగుతాం. చివరి ప్రశ్న చిన్నదనిపించవచ్చు. కానీ ఈ మూడు నెలలూ మన గుంటూరు ఎండలు ఎలా ఉంటాయో కమిటీకి తెలుసు. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ లేని ఇళ్లకు మట్టికుండ ఉపాయం మేం చెప్పామా, లేక ఫ్రిజ్‌లో పెట్టమని రాసిచ్చి పంపించేశామా?

కాల్ చేసేది నేను కాదు, డిశ్చార్జ్ చేసిన నర్సులూ కాదు. చికిత్స చేసిన డాక్టరే అడిగితే "అంతా బాగానే ఉందండీ" అంటారు. వార్డు డ్యూటీ లేని, ఓపీలో షుగర్ పేషెంట్లకు నేర్పే నర్సు ఒకరు మాట్లాడతారు. ఉర్దూలో మాట్లాడేవారి కోసం ఆ భాష వచ్చిన మరో నర్సు ఉన్నారు. పొలం పనులు, యార్డు పనులు ముగిశాక సాయంత్రం 5 నుంచి 7 మధ్యే చేస్తాం. రెండుసార్లు ఎత్తకపోతే మూడోసారి చేయం.

సమ్మతి ఎలా తీసుకుంటాం

చాలా ఇళ్లలో ఫోన్ ఒకటే ఉంటుంది. ఎత్తేది కొడుకో, కోడలో, పక్కింటివారో కావచ్చు. అందుకని పేషెంట్ లైన్‌లోకి వచ్చేదాకా ఆసుపత్రి అని గానీ, షుగర్ అని గానీ అనకూడదని నిర్ణయించుకున్నాం. "గుంటూరు నుంచి మాట్లాడుతున్నామండీ, మళ్లీ చేస్తాం" అని పెట్టేయాలి. పేషెంట్‌తో చెప్పే మాటలు ఇవి:

"నమస్కారమండీ. మీరు మొన్న ఎండాకాలంలో గుంటూరులో మా ఆసుపత్రిలో ఉన్నారు కదా, అక్కడి నుంచి నర్సును మాట్లాడుతున్నాను. బిల్లు గురించి కాదు, కార్డు గురించి కాదు. ఇంటికి వెళ్లేటప్పుడు మేం మీకు సూది మందు గురించి సరిగ్గా చెప్పామో లేదో తెలుసుకోవాలని చేస్తున్నాం. పది నిమిషాలు పడుతుంది. మీ పేరు నివేదికలో ఎక్కడా రాయం. ఈ మాటలు రికార్డు చేయడం లేదు. వద్దంటే ఇప్పుడే పెట్టేస్తాను, మధ్యలో ఆపమన్నా ఆపేస్తాను. రేపు మీరు మా దగ్గరికి వస్తే వైద్యంలో ఏ తేడా ఉండదు. ఇప్పుడు మాట్లాడటం మీకు వీలేనా? పక్కన ఎవరైనా ఉంటే ఇబ్బందా?"

బిల్లు, కార్డు అన్న మాటలు కావాలనే పెట్టాం. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వచ్చిన పేషెంట్లు, ఇప్పటికీ ఆరోగ్యశ్రీ కార్డనే అంటారు, ఆసుపత్రి నుంచి ఫోన్ అనగానే కార్డు తీసేస్తారేమోనని టెన్షన్ పడతారు. భయంతో ఇచ్చిన ఒప్పుకోలును సమ్మతి అనలేం. సూది వేసేది ఇంట్లోవాళ్లయితే ముందు పేషెంట్ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే వాళ్లతో మాట్లాడతాం. ఒప్పుకున్న సంగతిని తేదీ, టైముతో నర్సు ఫారంలో రాసి సంతకం పెడతారు.

ఫోన్‌లో ప్రమాదం బయటపడితే

కమిటీ ఎక్కువసేపు చూడాలని నేను కోరేది ఈ భాగాన్నే. 74 మందిలో ఒక్కరైనా తప్పు సిరంజి వాడుతూ ఉంటారన్నది నా భయం. అది తెలిశాక ఫారంలో టిక్ పెట్టుకుని ఫోన్ పెట్టేయడం తప్పు. అలాగని "రేపటి నుంచి ఎర్ర మూతది వాడండి" అని చెప్పేయడం అంతకంటే పెద్ద తప్పు కావచ్చు. బయట డోసు పెంచి ఉంటే, జూన్‌లో మా వార్డులో జరిగిందే ఈసారి వాళ్ల ఇంట్లో జరుగుతుంది, అక్కడ గ్లూకోజ్ ఎక్కించేవాళ్లు ఉండరు.

కాబట్టి సిరంజి మార్చమని నర్సు సొంతంగా చెప్పరు. సీసాకూ సిరంజికీ పొంతన లేదని తెలిసిన వెంటనే మెడిసిన్ డ్యూటీ డాక్టర్‌కు చెప్తారు. తర్వాతి సూది టైముకు ముందే డాక్టర్ స్వయంగా పేషెంట్‌తో మాట్లాడి డోసు చెప్తారు, మర్నాడు సీసా, సిరంజి పట్టుకుని ఓపీకి రమ్మంటారు. ఓపీ ఫీజు, షుగర్ టెస్టు, 30 సిరంజిలు ఉచితం; దీనికి ఆసుపత్రి యాజమాన్యం రాతపూర్వకంగా ఒప్పుకుంది. మాట్లాడుతుండగానే లో షుగర్ లక్షణాలు కనిపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగమని చెప్పి, తగ్గేదాకా లైన్‌లోనే ఉంటారు. మాట తడబడుతుంటే నోట్లో ఏమీ పోయవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పి 108కి ఫోన్ చేయిస్తారు.

ఆడిట్‌కు ఒప్పుకోని వారికి కూడా ఫోన్ పెట్టేముందు ఒక మాట చెప్తాం: "ఈసారి డాక్టర్ దగ్గరికి ఎక్కడికి వెళ్లినా సీసా, సిరంజి రెండూ చూపించండి." అది సలహా మాత్రమే, వారి నుంచి సమాచారమేమీ తీసుకోం.

వివరాల భద్రత, సిబ్బంది

ప్రతి పేషెంట్‌కు ఒక కోడ్ ఉంటుంది. పేరుకూ కోడ్‌కూ ముడిపెట్టే జాబితా ఒకే కాగితం మీద, మెడికల్ రికార్డ్స్ గదిలోని తాళం వేసిన బీరువాలో ఉంటుంది. ఆడిట్ ముగిసిన 90 రోజులకు దాన్ని చించేస్తాం. కోడ్‌లున్న ఫైలు పాస్‌వర్డ్ ఉన్న విభాగం కంప్యూటర్‌లో మూడేళ్లు ఉంటుంది. కాల్స్ విభాగం ఫోన్ నుంచే, సొంత ఫోన్ల నుంచి కాదు. వార్డు వాట్సాప్ గ్రూపులో ఒక్క ఫొటో, ఒక్క షీట్ కూడా పెట్టకూడదు. ఇది అలవాటైన పని గనుక విడిగా రాస్తున్నాను.

నర్సుల, డాక్టర్ల పేర్లు, డ్యూటీ షిఫ్టులు నమోదు చేయం. 30 పడకలకు రాత్రి ఇద్దరు నర్సులున్న వార్డులో "వివరించడమైనది" అన్న ఒక్క ముక్కే మిగలడం ఒకరి తప్పు కాదు. ఈ ఫలితాలతో ఎవరి మీదా చర్య తీసుకోబోమని నర్సింగ్ సూపరింటెండెంట్ కూడా సంతకం పెట్టారు.

ఈ పేషెంట్లకు చికిత్స చేసిన విభాగమే వారిని ఆడిట్ చేస్తోంది. ఇది ప్రయోజనాల ఘర్షణే. అందుకే లెక్కలు సరిచూడటానికి వేరే విభాగం నుంచి ఒకరిని కోరాం, కమ్యూనిటీ మెడిసిన్ వారు ఒప్పుకున్నారు. బయటి నిధులు లేవు.

కమిటీ నిర్ణయానికి

ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఒక ప్రతిపాదనకు సమీక్ష అవసరం లేదా, త్వరిత సమీక్ష చాలా, పూర్తి కమిటీ కూర్చోవాలా అన్నది తేల్చాల్సింది కమిటీయే, మేం కాదు. "ఇది ఆడిటే కదా" అని మాలో కొందరన్నారు. కానీ పేషెంట్ ఇంటికి ఫోన్ చేస్తున్నాం, ఫలితాలను ఏదైనా సదస్సులో చెప్పాలనుకోవచ్చు. అన్నీ అయ్యాక అనుమతి అడగడం కుదరదు గనుక ముందే వచ్చాం. అనుమతి వచ్చేవరకు ఒక్క కేస్ షీట్ కూడా తెరవం; 74 అన్నది డిశ్చార్జ్ రిజిస్టర్ లెక్క మాత్రమే.

అనుమతి వస్తే సెప్టెంబర్ 8 నుంచి కేస్ షీట్లు, 15 నుంచి కాల్స్. దసరా రోజుల్లో ఆపి, అక్టోబర్ 17కి పూర్తిచేస్తాం. నవంబర్‌లో నివేదిక ఇస్తాం. మొదటి పది కాల్స్ తర్వాత ఎన్ని ప్రమాద సందర్భాలు వచ్చాయో కమిటీ కార్యదర్శికి తెలియజేస్తాం. ఎక్కువ ఉంటే ఆడిట్ పక్కనపెట్టి, మిగిలిన అందరినీ ముందు ఓపీకి పిలుస్తాం.

సమ్మతి మాటలను కమిటీలోని సామాన్య సభ్యులు ఒకసారి బిగ్గరగా చదివించుకుని వినాలని మనవి. కాగితం మీద మాకు తేలిగ్గా అనిపించిన మాట ఫోన్‌లో బరువుగా వినిపిస్తే ఎక్కడో చెప్పండి, మారుస్తాం.

అసిస్టెంట్ ప్రొఫెసర్, జనరల్ మెడిసిన్
(ప్రధాన పరిశోధకుడు)